అమ్మ పెన్ను మందు ఆగిపోయింది, అనలాగ్‌కి మారాలా, సీసా–సిరంజికి వెళ్ళాలా?

ఒంగోలు_వాసు
అమ్మకి 64. షుగర్ చాలా ఏళ్ళుగా ఉంది, ఇన్సులిన్ మొదలయ్యి ఐదారేళ్ళు. హ్యూమన్ 30/70 పెన్ను, పొద్దున 22 యూనిట్లు, రాత్రి 14. వాడుతున్న కంపెనీ ఆ కార్ట్రిడ్జులు ఆపేస్తోందట, షాపులో స్టాక్ రావట్లేదు. డాక్టర్‌గారు అదే 30/70లో అనలాగ్, అంటే కాస్త మార్చి చేసిన కొత్త రకం ఇన్సులిన్ రాశారు. ఒక్కో కార్ట్రిడ్జ్ ఏడొందల పైమాటే. నాన్న పెన్షన్, నా జీతం, చెల్లి చదువు అన్నీ కలిపి చూస్తే నెల నెలా అంత కష్టం. షాపతను సీసా తీసుకోండి, అదే మందు అంటున్నాడు. అమ్మేమో ఆ పెద్ద సూదులు నేను వేసుకోను అని మొండికేసింది. మూడు నెలల షుగర్ 8.1. ఈమధ్య తెల్లవారుజామున రెండు, మూడు గంటలకి చెమటలు పట్టి లేస్తోంది. మొన్న చూస్తే 62. అనలాగ్‌కి నిజంగా అంత తేడా ఉందా, లేక ఖరీదు ఎక్కువ కాబట్టి గొప్పా?

శ్రీహర్ష_వైజాగ్
అనలాగ్‌కే వెళ్ళండి బ్రో. హ్యూమన్ పాత కాలం మందు, అందుకే కంపెనీలు ఆపేస్తున్నాయి. అనలాగ్‌తో లో అవ్వడం, అంటే షుగర్ మరీ పడిపోవడం ఉండదు, మూడు నెలల షుగర్ కూడా బాగా దిగుతుంది. అమ్మ కంటే డబ్బు ఎక్కువా?

మెడికల్_షాపు_రమణ
ఆ చివరి మాట అవసరమా తమ్ముడూ. వాసు గారూ, లెక్క చెప్తాను, మా షాపు రేట్లు. మీ దగ్గర పదో ఇరవయ్యో తేడా ఉండొచ్చు.

రోజుకి 36 యూనిట్లు అంటే నెలకి 1080. సీసా 10 మి.లీ., మి.లీ.కి 40 యూనిట్లు, అంటే సీసాకి 400. నెలకి మూడు సీసాలు, ఒక్కోటి నూట అరవై ఆ ప్రాంతం. ఐదొందల లోపు అయిపోతుంది. సిరంజిలు వేరే.

పెన్ను అయితే ప్రతిసారీ గాలి పోవడానికి రెండు యూనిట్లు వదలాలి కదా, అది నెలకి ఇంకో 120. మొత్తం 1200, కార్ట్రిడ్జ్‌కి 300 చొప్పున నాలుగు. అనలాగ్ అయితే మూడు వేలు. అదే హ్యూమన్ కార్ట్రిడ్జ్ అయితే బ్రాండ్‌ని బట్టి ఒక్కోటి మూడొందల చిల్లర నుంచి నాలుగొందలు, అంటే పన్నెండు పదహారు వందల మధ్య.

ఇక్కడ ఒక సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఒక కంపెనీ ఆపితే హ్యూమన్ పెన్ను మందు దేశంలో లేకుండా పోదు. ఇన్సుజెన్, వోసులిన్, హ్యూమిన్సులిన్ ఇవన్నీ 30/70 కార్ట్రిడ్జుల్లో వచ్చేవే. మీ షాపులో లేకపోతే తెప్పించమనండి. కాకపోతే ఎవరి కార్ట్రిడ్జ్‌కి వాళ్ళ పెన్నే. పాత పెన్నులో దూర్చి తిప్పితే డోసు తప్పుతుంది.

ఒంగోలు_వాసు
అయ్యో, ఇది మాకు తెలీదండీ. మా షాపతను ఉంటే సీసా లేదంటే అనలాగ్ అన్నట్టే మాట్లాడాడు.

కాకరకాయ_కింగ్
పొద్దున్నే కాకరకాయ రసం తాగించండి. మా మావయ్య ఇన్సులిన్ మానేశాడు.

గోదారి_గట్టు
మీ మావయ్య ఇప్పుడెలా ఉన్నాడో కూడా రాయండి, సగం కథ చెప్పి వెళ్ళిపోతారేంటి.

సూదిమందు_అక్క
నేను షుగర్ క్లినిక్‌లో పేషెంట్లకి ఇన్సులిన్ నేర్పించే పని చేస్తాను. డోసులు మార్చడం నా పని కాదు, మీ డాక్టర్‌దే. కానీ మందు మార్చే ముందు రెండు ప్రశ్నలు అడగాలి.

ఒకటి, అమ్మ సూది వేసుకున్నాక ఎంత సేపటికి తింటుంది? రెండు, రాత్రి సూది ఎన్నింటికి, భోజనం ఎన్నింటికి, పడుకునేముందు ఏమన్నా తింటుందా?

ఒంగోలు_వాసు
పొద్దున ఇడ్లీ పళ్ళెం పక్కన పెట్టుకునే వేసుకుంటుంది. వెంటనే తినేస్తుంది. రాత్రి ఎనిమిదికి అంతే, అన్నం, పప్పు, మజ్జిగ. తర్వాత ఏమీ తినదు. పొద్దున పదకొండు గంటలప్పుడు కూడా ఒక్కోసారి నీరసం అంటుంది, ఉపవాసం ఉన్నట్టు ఉందిరా అంటుంది.

సూదిమందు_అక్క
అనుకున్నదే. మీ సమస్యలో సగం మందు రకంలో కాదు, గడియారంలో ఉంది.

30/70 అంటే పదిలో మూడొంతులు పలచటి రెగ్యులర్ మందు, ఏడొంతులు నెమ్మదిగా పనిచేసే పాలలాంటి ఎన్‌పీహెచ్. ఆ రెగ్యులర్ ఒంట్లో పని మొదలుపెట్టడానికే అరగంట పడుతుంది. గట్టిగా పనిచేసేది రెండు నుంచి నాలుగు గంటల మధ్య. ఇడ్లీ షుగర్ మాత్రం గంటలోపే పైకి లేస్తుంది. అంటే పళ్ళెం పక్కన పెట్టుకుని వేసుకుంటే, తిన్న షుగర్ పైకెళ్ళేటప్పుడు మందు ఇంకా నిద్రలో ఉంటుంది. షుగర్ దిగే వేళకి మందు జోరందుకుంటుంది. ఎనిమిదిన్నరకి తింటే పదకొండుకి నీరసం అందుకే. తిన్నాక గంటకి ఓసారి, పదకొండుకి ఓసారి చూడండి. మొదటిది బాగా ఎక్కువగా, రెండోది 80 దగ్గర ఉంటే విషయం ఇదే. అలా ఉంటే సూది వేసి అరగంట ఆగి తినడమే మందు. ఖర్చు లేదు. వేసేముందు షుగర్ తక్కువగా ఉంటే మాత్రం ఆగకూడదు, వెంటనే తినాలి.

అనలాగ్ 30/70లో ఆ పలచటి భాగం పది పదిహేను నిమిషాల్లో మొదలై, గంట, గంటన్నరకి పీక్‌కి వచ్చి, నాలుగైదు గంటల్లో అయిపోతుంది. అందుకే అది పళ్ళెం ముందు పెట్టుకుని వేసుకోవచ్చు. మీరు అదనంగా కట్టే పదహారు వందల్లో చాలా భాగం ఆ అరగంట కోసమే.

శ్రీహర్ష_వైజాగ్
మరి రాత్రి లో సంగతి? అనలాగ్‌లో అది తగ్గుతుందని అందరూ అంటారు. మా డాక్టర్ కూడా అదే చెప్పారు.

సూదిమందు_అక్క
ఏ అనలాగ్ అన్నదే అసలు పాయింట్. రాత్రి లో తగ్గుతుందని పేరొచ్చింది గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి రోజంతా నిలకడగా ఉండే వాటికి. 30/70 అనలాగ్‌లో ఆ డెబ్బై వంతు ఎన్‌పీహెచ్ లాగే నెమ్మదిగా ఎక్కి పీక్‌కి వెళ్ళే రకం. కొంత తగ్గొచ్చు, అసలు ఉండదు అనడం తప్పు. "లో అవ్వదు" అనే ఇన్సులిన్ ఇంకా పుట్టలేదు.

వాసు గారి అమ్మకి జరుగుతున్నది చూడండి. రాత్రి ఎనిమిదికి 14 యూనిట్లు అంటే, అందులో దాదాపు పది ఎన్‌పీహెచ్. అది గట్టిగా పనిచేసేది ఆరు, ఏడు గంటల తర్వాత. ఎనిమిదికి ఆరేడు కలిపితే రెండు, మూడు గంటలు. ఆ వేళకి కడుపులో ఏమీ ఉండదు. అందుకే చెమటలు.

కరీంనగర్_ఆటో
అక్కా నాదొక ముచ్చట. నేను కూడ గదే 30/70. సూది ఏస్కొని అరగంట ఆగమంటరు. ఏస్కున్నంక గిరాకి వస్తది, ఎట్ల ఇడ్సిపెట్టాలె? బస్టాండ్ కాడికి పోయి వచ్చేసరికి గంట. ఓసారి సిగ్నల్ కాడ చేతులు వణికినయ్, పక్కకి ఆపి గిరాకిని దింపి బెల్లం తిన్న. అప్పట్నుంచి పొద్దుగాల సూది సగం రోజులు ఎగ్గొడ్తున్న.

సూదిమందు_అక్క
అన్నా, ఎగ్గొట్టడం మాత్రం వద్దు. బండి ఎక్కే ముందు ఓసారి షుగర్ చూసుకోండి, బెల్లమో గ్లూకోజో ఎప్పుడూ డాష్ దగ్గర పెట్టుకోండి. మీలాంటి వాళ్ళకి, అంటే ఎప్పుడు తింటారో మీకే తెలియని వాళ్ళకి, త్వరగా పనిచేసే అనలాగ్‌కి పెట్టే డబ్బు వృథా కాదు. పళ్ళెం ముందుకి వచ్చాకే వేసుకోవచ్చు. ఈ మాట డాక్టర్‌తో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, "ఎగ్గొడుతున్నా" అనేది కూడా. లేకపోతే ఆయన డోసు సరిపోలేదనుకుని పెంచుతారు. పెంచిన డోసు మీరు వేసుకున్న రోజున ఇంకా పెద్ద ప్రమాదం.

గోదారి_గట్టు
పెళ్ళి భోజనాల సంగతి కూడా చెప్పండక్కా. మా బాబాయ్ మొదటి బంతి అనుకుని సూది వేసుకున్నాడు, మగపెళ్ళివారి తర్వాతే అని మూడో బంతికి కూర్చోబెట్టారు. గొడవ పడడానికి కూడా ఓపిక లేక కుర్చీలో వాలిపోయాడు. జేబులో పిల్లల కోసం ఉంచిన చాక్లెట్లు కాపాడాయి.

చిన్నోడి_అమ్మ
నాకు ఈ చర్చ చదువుతుంటే భయం వేస్తోంది. మా బాబుకి 9 ఏళ్ళు, టైప్ 1. అనలాగ్‌లు వాడుతున్నాం, రోజుకి నాలుగు సూదులు. సీసా మందు ఇంత చవకైతే మేం అనవసరంగా ఖర్చు పెడుతున్నామా? మా అత్తగారు ఇది చదివితే రేపే మార్చమంటారు.

సూదిమందు_అక్క
అమ్మా, మార్చకండి. ఇక్కడ మాట్లాడుతున్నది పెద్దవాళ్ళ టైప్ 2 గురించి. టైప్ 1 పిల్లల్లో ఒంటి సొంత ఇన్సులిన్ ఉండదు, ఆట, తిండి రోజూ ఒకలా ఉండవు, అన్నం సగంలో వదిలేసి పరిగెత్తుతారు. అక్కడ అనలాగ్‌కి తేడా ఎక్కువ. హ్యూమన్‌తో పెంచలేమని కాదు, మన దేశంలో వేల మంది పిల్లలు రెగ్యులర్, ఎన్‌పీహెచ్‌తోనే పెరిగారు. కానీ కుదిరిన బాబుని ఖర్చు కోసం కదపడం వేరే సంగతి. మరీ ఇబ్బంది అయితే డాక్టర్‌తో మాట్లాడి, ఏదో ఒకటి మాత్రం మార్చడం చూడొచ్చు. అసలు మానేయడం, యూనిట్లు మిగల్చడం మాత్రం చేయకండి.

డల్లాస్_శీను
ఇక్కడ అమెరికాలో కూడా ఇదే గోల. ఉద్యోగం పోయి ఇన్సూరెన్స్ లేని నెలల్లో మా రూమ్మేట్ వాల్‌మార్ట్‌లో దొరికే పాతికడాలర్ల హ్యూమన్ సీసాలతో గడిపాడు. అనలాగ్ నుంచి నేరుగా మారేటప్పుడు అరగంట ముందు వేసుకోవాలని అతనికి ఎవరూ చెప్పలేదు, మొదటి వారం అంతా పైకీ కిందకీ. మందు చవక, అది వాడే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి అన్నాడు.

ఒక స్టడీ కూడా గుర్తు. 2018లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది, కాలిఫోర్నియా కైజర్ ఆసుపత్రుల టైప్ 2 పేషెంట్ల రికార్డులు. ఎన్‌పీహెచ్‌తో మొదలుపెట్టిన వాళ్ళకీ గ్లార్జిన్ లాంటి వాటితో మొదలుపెట్టిన వాళ్ళకీ లో అయి ఎమర్జెన్సీకి రావడంలో తేడా కనపడలేదు. శ్రీహర్ష గారు చెప్పినట్టు మూడు నెలల షుగర్ అనలాగ్‌లో ఎక్కువ దిగడం కూడా లేదు.

శ్రీహర్ష_వైజాగ్
ఆసుపత్రికి వచ్చిన లోలు మాత్రమే లెక్క. వాసు వాళ్ళ అమ్మ ఆసుపత్రికి వెళ్ళిందా? ఇంట్లో చెమటలు పట్టి పంచదార తిని పడుకుంది. అది ఏ స్టడీలో వస్తుంది?

సూదిమందు_అక్క
ఈ మాట కరెక్టే. చిన్న లోలు, అందులోనూ రాత్రి లోలు, గ్లార్జిన్‌లో తక్కువ అని వేరే ట్రయల్స్‌లో కనపడుతూనే ఉంది. డబ్ల్యూహెచ్ఓ కూడా 2018లో హ్యూమన్‌నే ముందు వాడమని, ఎన్‌పీహెచ్‌తో తరచూ తీవ్రమైన లోలు వచ్చేవాళ్ళకి అనలాగ్ చూడమని చెప్పింది. 2021లో రోజంతా పనిచేసే అనలాగ్‌లని అత్యవసర మందుల జాబితాలో కూడా చేర్చింది. రెండు పక్కలా వాదన ఉంది.

ఒంగోలు_వాసు
మరి మా ఇంటికి వద్దాం అక్కా. డాక్టర్‌గారిని ఏమని అడగాలి?

సూదిమందు_అక్క
ముందు ఓ వారం కాగితం మీద రాయండి. ఫాస్టింగ్, టిఫిన్ అయ్యాక రెండు గంటలకి, రాత్రి పడుకునేముందు. రెండు రాత్రులు మాత్రం అలారం పెట్టి మూడింటికి. ఈ స్ట్రిప్పులకి అయ్యే ఖర్చు అనలాగ్‌కి ఒక నెల పెట్టేదానికంటే తక్కువే. ఆ కాగితం లేకుండా ఏ డాక్టర్ అయినా ఊహించి రాయాల్సిందే. మూడింటికి 70 కంటే తక్కువ ఉంటే మాత్రం వారం ఆగొద్దు, పంచదార ఇచ్చి పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఆ రాత్రి లోలకి మామూలుగా చేసేవి, ఖర్చు తక్కువ దాని నుంచి చెప్తాను.

మొదట రాత్రి డోసు తగ్గించడం, పదిశాతమో ఇరవైశాతమో, ఆయన ఇష్టం. ఫాస్టింగ్ పెరిగిపోతే ఇంకో దారి ఉంది. రాత్రి 30/70 బదులు రెండు మందులు వేరువేరుగా. 14లో నాలుగు రెగ్యులర్ భోజనానికి అరగంట ముందు, మిగతా పది ఎన్‌పీహెచ్ పడుకునేముందు, పదిన్నరకి. లో అవుతోంది కాబట్టి ఆ పదిని ముందు ఎనిమిదితో మొదలుపెట్టమనొచ్చు. అప్పుడు పీక్ రెండింటికి కాకుండా తెల్లవారుజాము నాలుగున్నర, ఐదున్నర మధ్యకి జరుగుతుంది. ఆ వేళకే ఒంట్లో షుగర్ తనంతట తాను పెరుగుతుంది, రెండూ సరిపోతాయి. రెండూ చవక హ్యూమన్ మందులే. రోజుకి ఒక సూది ఎక్కువ, అంతే.

అదీ కుదరకపోతే అప్పుడు గ్లార్జిన్. డబ్బు పెట్టాలనుకుంటే 30/70 అనలాగ్ మీద మూడు వేలు కాకుండా, నిలకడ మందు ఒక్కటే గ్లార్జిన్ తీసుకుని, భోజనం ముందు సూదులు చవక రెగ్యులర్‌తోనే ఉంచుకోవచ్చు. కాకపోతే గ్లార్జిన్‌ని ఇంకే ఇన్సులిన్‌తోనూ ఒకే సిరంజిలో కలపకూడదు. రోజుకి రెండుసార్లు ఎన్‌పీహెచ్ వేసేవాళ్ళు గ్లార్జిన్‌కి మారితే మొత్తంలో ఐదో వంతు తగ్గించి మొదలుపెడతారు. అదే హ్యూమన్ 30/70 నుంచి అనలాగ్ 30/70కి అయితే మామూలుగా యూనిట్‌కి యూనిట్ మారుస్తారు, తినే టైమ్ మాత్రం మారుతుంది. అరగంట అలవాటుతో అనలాగ్ వేసి ఆగితే అన్నం ముందుకొచ్చేలోపే లో అవుతుంది.

కిడ్నీ రిపోర్ట్ కూడా పట్టుకెళ్ళండి. క్రియాటినిన్ పెరిగితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువ సేపు ఉంటుంది, ఇన్నాళ్ళూ సరిపోయిన డోసే లో చేస్తుంది.

మెడికల్_షాపు_రమణ
గ్లార్జిన్ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరింది, దాంతో ధరకి పరిమితి వచ్చింది. మన దేశపు కంపెనీల కార్ట్రిడ్జులు ఐదారు వందల్లో దొరుకుతున్నాయి.

సీసాకి వెళ్తే మాత్రం ఒక్క విషయం. సీసాలో మి.లీ.కి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూత సిరంజి 100 యూనిట్ల మందుకి. పొరపాటున 40 సీసాకి నారింజ సిరంజి వాడితే 22 అనుకుని వేసేది తొమ్మిది యూనిట్లే. తిరగేస్తే ఇంకా ఘోరం. మా కస్టమర్ ఒకాయన పెన్ను పాడైందని కార్ట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో మందు లాగాడు. 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళింది 50. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉన్నాడు.

నిజాంపేట_లత
మా అత్తమ్మకి సీసానే. పీహెచ్‌సీలో ఉన్నప్పుడు ఫ్రీగా ఇస్తారు, లేనప్పుడు కొంటాం. పాల రంగు మందు కదపకుండా వేసుకునేది, తెల్లదంతా అడుగున పేరుకుని పైన నీళ్ళలా ఉండేది. నర్సమ్మ చూసి రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించమంది, కుదపొద్దంది. దొర్లించాక కూడా గోడలకి తెల్లగా మంచు పట్టినట్టు ఉంటే, గడ్డలు తేలితే పారేయాలంట. అది చేసినప్పట్నుంచి ఒక రోజు 300, ఒక రోజు 90 అనే గోల తగ్గింది.

ఒంగోలు_వాసు
మా పెన్నులో కూడా అది పాల రంగే కదా, అమ్మ దొర్లించడం నేను ఎప్పుడూ చూడలేదు.

సూదిమందు_అక్క
పెన్ను కూడా అంతే. పదిసార్లు దొర్లించి, పదిసార్లు పైకీ కిందకీ తిప్పాలి, లోపల చిన్న గాజు గోలీ కదులుతుంది. అనలాగ్ 30/70కీ ఇదే. నీళ్ళలా ఉండే గ్లార్జిన్‌కి అక్కర్లేదు.

ఒంగోలు_వాసు
అమ్మ కంటి చూపు కూడా తగ్గింది, సిరంజి మీద గీతలు కనపడవు. పెన్ను అయితే టిక్ టిక్ లెక్కపెట్టుకుంటుంది. అందుకే సీసాకి మొండికేసినట్టుంది, ఇప్పుడు అర్థమవుతోంది.

సూదిమందు_అక్క
అలా అయితే సీసా వద్దే. తనంతట తాను వేసుకోగలగాలి. రమణ గారు చెప్పిన వేరే కంపెనీ హ్యూమన్ కార్ట్రిడ్జ్, దాని పెన్ను అడగండి. రాత్రి మందులు విడగొడితే మాత్రం పొద్దున దానితో కలిపి మూడు పెన్నులు అవుతాయి, ఒకదాని బదులు ఇంకోటి వేసుకోకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు టేపు చుట్టాలి.

శ్రీహర్ష_వైజాగ్
మూడు పెన్నులు, మూడు సూదులు, అరగంట అలారం, 64 ఏళ్ళ ఆవిడకి. నేనైతే అప్పు చేసైనా అనలాగ్ అంటాను. ఎవరి లెక్క వాళ్ళది.

కరీంనగర్_ఆటో
అప్పు చేసి మందు కొంటే మూడో నెల మందు ఉండదన్నా, అప్పు ఉంటది.

ఒంగోలు_వాసు
ముందు రెండు రాత్రులు మూడింటికి చూస్తాను. రేపట్నుంచి పొద్దున సూది ఏడింటికి, ఇడ్లీ ఏడున్నరకి. రమణ గారూ, కొత్త పెన్ను కంపెనీ వాళ్ళు ఉచితంగా ఇస్తారా?

మెడికల్_షాపు_రమణ
కొన్ని కంపెనీలు కార్ట్రిడ్జులతో కలిపి ఇస్తాయి, కొన్ని అమ్ముతాయి. ముందు అడగండి, అడగని వాడికి ఎవడూ ఇవ్వడు. ఇంట్లో మిగిలిన పాత కార్ట్రిడ్జులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, తెరవనివి ఫ్రిజ్‌లో డీప్‌కి దూరంగా పెట్టండి. అవి అయ్యేలోపు డాక్టర్‌ని కలిస్తే తొందరపడి మారాల్సిన పని ఉండదు.

కాకరకాయ_కింగ్
మా మావయ్య మళ్ళీ ఇన్సులిన్ మొదలుపెట్టాడంట. అత్తయ్యని అడిగి చెప్తున్నా.

గోదారి_గట్టు
హ్యూమనా, అనలాగా?